పీడీఎఫ్‌ను పేజీకో బొమ్మగా వాట్సాప్‌లో పంపాలి, ఒక్కో ఫైలూ కొండంత వస్తోంది

కాలనీ_కోశాధికారి: సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ. మా కాలనీ సంఘం లెక్కలు, 14 పేజీల పీడీఎఫ్. మా పెద్దవాళ్లు పీడీఎఫ్ తెరవరు, ఫొటోలైతే వేలితో జరుపుకుంటూ చూస్తారు. pdftoppm లో `-r 150` పెట్టి జేపెగ్‌లు తీశాను. ఏ4కి అది చాలని అందరూ అంటారు. నాకేమో ఒక్కోటి 4 ఎంబీ దాటింది. పంపాక అంకెలు అలుక్కుపోయాయి. రేపు పొద్దున్నే సమావేశం, ఎవరైనా దారి చూపండి.

నూజివీడు_రసం: డాక్యుమెంట్‌గా పంపండి. అయిపోతుంది.

కాలనీ_కోశాధికారి: పీడీఎఫ్ తెరవరని చెప్పాను కదండీ.

పిక్సెల్_మాస్టారు: అసలు బొమ్మకు డీపీఐ అనేదే లేదు, ఉన్నవి పిక్సెళ్లే. డీపీఐ కాగితం మీద అచ్చు వేసేటప్పటి మాట. ఈ తేడా తెలియకుండా 150, 300 అని రాయడం మానాలి.

వరంగల్_తమ్ముడు: మాస్టారూ, పీడీఎఫ్ పేజీకి కొలత ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ మాట చెల్లుతుంది. అన్నా, ఫోన్‌తో స్కాన్ చేశారా? `pdfinfo -f 1 -l 14` ఏమంటోంది?

కాలనీ_కోశాధికారి: అవును, ఫోన్ స్కానే. మొదటి రెండు పేజీలు మాత్రం టైపు చేసి కలిపాను. వాటికి 595 x 842, మిగతావాటికి 2480 x 3508 pts.

వరంగల్_తమ్ముడు: దొరికింది. మీ స్కాన్ యాప్ ఒక్కో పిక్సెల్‌ను ఒక్కో పాయింటుగా రాసేసింది. 72 పాయింట్లు ఒక అంగుళం. అంటే మీ పేజీ పొడవు దాదాపు 49 అంగుళాలు, గోడకు అంటించే పోస్టరంత! దాన్ని 150తో తీస్తే 7,308 పిక్సెళ్లు. వాట్సాప్ మళ్లీ కుదించి, తన లెక్కలో ఇంకోసారి జేపెగ్ చేస్తుంది. అక్కడే అంకెలు పోయాయి.

గుంటూరు_గృహిణి: నాకు ఫొటోలన్నీ కలిపి పీడీఎఫ్ చేయాలండీ, ఇదే కమాండా?

నూజివీడు_రసం: కాదు, అది తిరగేసిన పని. img2pdf చూడండి.

రాత్రిపక్షి: అయితే `-r 33` పెడితే సరి, 1600 చుట్టూ వస్తుంది.

వరంగల్_తమ్ముడు: స్కాన్ పేజీలకు సరే. టైపు చేసిన రెండూ 386 పిక్సెళ్లకు పడిపోతాయి, ఒక్క అక్షరం చదవలేరు. కొలతలు కలగలిసినప్పుడు పొడవైన వైపును బిగించాలి:

```
pdftoppm -jpeg -jpegopt quality=80 -scale-to 1600 lekkalu.pdf peji
```

పేర్లు peji-01 నుంచి వరుసగా వస్తాయి, పంపేటప్పుడు క్రమం తప్పదు. ముందు ఒక్క పేజీ మీకు మీరే పంపుకుని, ఫోన్‌లో పెద్దది చేసి చూడండి.

పిక్సెల్_మాస్టారు: చూశారా, చివరికి పిక్సెళ్ల దగ్గరికే వచ్చారు.

కాలనీ_కోశాధికారి: ఒక్కోటి 300 కేబీ లోపే వచ్చింది, చాలా థాంక్స్ తమ్ముడూ. 9వ పేజీలో నీటి బిల్లుల పట్టిక మాత్రం ఇంకా మసకే, 12 నెలలూ ఒకే అడ్డం పేజీలో ఉన్నాయి.

వరంగల్_తమ్ముడు: దానికి 1600 చాలదన్నా. ఆరేసి నెలలుగా రెండు ముక్కలు చేసి పంపండి.

రాత్రిపక్షి: హెచ్‌డీ నొక్కి పంపి చూడండి ముందు.