ఆసియన్ ఆప్షన్ ధరకి సోబోలా, మామూలు ర్యాండమా?

కొత్త_క్వాంట్: 12 నెలల సగటు మీద ఆసియన్ ఆప్షన్ ధర కడుతున్నాను. ర్యాండమ్‌కి బదులు సమానంగా పరుచుకునే సోబోల్ పాయింట్లని నార్మల్‌గా మారిస్తే, మొదటిది సున్నా కాబట్టి `-inf` వచ్చింది. ఆ పాయింటు తీసేసి 1000 వాడాను. ర్యాండమ్ కంటే నయమేనా?

లెక్కలశీను: తీసేయకండి. ఒక్క డైమెన్షన్‌లో చూడండి: 0, 0.5, 0.75, 0.25. పావుకొకటి వచ్చాయి. సున్నా తీసేస్తే తర్వాతి నాలుగు 0.5, 0.75, 0.25, 0.375. మొదటి పావు ఖాళీ, రెండో పావులో రెండు. 1000 కూడా వద్దు, 2 ఘాతమైతేనే ఈ పంపకం సరిగ్గా కుదురుతుంది, 1024 తీసుకోండి.

గోదారి_కోడర్: శీను గారూ, ఆ నాలుగింటి సగటు కట్టండి. సున్నాతో 0.375, సున్నా లేకపోతే 0.469. రావాల్సింది 0.5. తీసేస్తేనే మేలు కదా?

లెక్కలశీను: పాయింట్లన్నీ వాటి పావుకి ఎడమ అంచున కూర్చోవడం వల్ల వచ్చిన తేడా అది. దానికి మందు స్క్రాంబ్లింగ్. పావుకొకటి అలాగే ఉంటుంది, పావులోపల ఎక్కడనేది మాత్రం యాదృచ్ఛికం. `-inf` బెడదా పోతుంది.

```
from scipy.stats import qmc
u = qmc.Sobol(d=12, scramble=True).random_base2(m=10)
```

రాజు_77: ర్యాండమ్ కాకపోతే పాస్‌వర్డ్‌కి పనికిరాదు కదా?

కొత్త_క్వాంట్: పాస్‌వర్డ్ కాదు బ్రదర్, ఇంటిగ్రల్.

పాతకాపు: ఎవరూ అసలు సంగతి మాట్లాడరేం? మామూలు ర్యాండమ్ పాయింట్లయితే ఎర్రర్ ఎంతో అదే రన్ చెబుతుంది. నేను సోబోల్‌తో ధర కట్టిస్తే, తప్పు ఎంతుండొచ్చని మీటింగ్‌లో అడిగారు. నోరు మెదపలేకపోయాను. ఆ ఏడాది నా రేటింగ్ పోయింది.

గోదారి_కోడర్: దానికి సోబోల్ ఏం చేసింది సార్!

పాతకాపు: వెటకారం వద్దు. సంతకం పెట్టేది నువ్వు కాదు.

లెక్కలశీను: కాపు గారూ, మీకు కావాల్సింది ఎర్రర్ అంచనా, నాకు కావాల్సింది తక్కువ ఎర్రర్. ఇందాకటి నుంచి వేర్వేరు ప్రశ్నలకి కొట్టుకుంటున్నాం. 1024 పాయింట్ల సెట్‌ని 16 వేరువేరు సీడ్‌లతో స్క్రాంబుల్ చేయండి. 16 ధరలొస్తాయి. వాటి స్టాండర్డ్ డీవియేషన్‌ని 4తో భాగిస్తే మీ ఎర్రర్.

పాతకాపు: అంటే ఒకే సెట్‌గా 16384 వాడితే వచ్చే ఖచ్చితత్వం కొంత వదులుకుంటున్నట్టే.

లెక్కలశీను: అవును, అది ఎర్రర్ తెలుసుకోవడానికి కట్టే ధర. అయినా ఇలాంటి నునుపైన సగటుకి 16384 ర్యాండమ్ పాయింట్ల కంటే చాలా తక్కువ ఎర్రరే వస్తుంది.

పాతకాపు: నునుపుగా ఉంటే. నాక్-అవుట్ బ్యారియర్ పెట్టండి, షేరు ఆ గీత దాటగానే పేఆఫ్ ఒక్కసారిగా సున్నాకి పడుతుంది. అప్పుడీ లాభం ఎంత మిగులుతుంది?

లెక్కలశీను: తగ్గుతుంది. బ్రౌనియన్ బ్రిడ్జ్‌తో, అంటే ముందు చివరి విలువ, తర్వాత మధ్యవి నింపుతూ పాత్ కడితే కొంత వెనక్కి రావచ్చు, అన్ని పేఆఫ్‌లకీ కాదు.

కొత్త_క్వాంట్: నాకు వచ్చే వారం బ్యారియర్ కూడా ఉంది 😬 రెండూ 16 సీడ్‌లతో రన్ చేసి పెడతాను.

పాతకాపు: ర్యాండమ్‌కీ అదే 16384 పెట్టు. తక్కువ పెట్టి ఓడించకు.