నైట్ ఆడిట్ రిపోర్టులో ఈ కార్డు తేడా ఎక్కడ రాయాలి?

కర్నూలులో ఒక లాడ్జిలో నైట్ ఆడిటర్‌ని. మా సాఫ్ట్‌వేర్‌లో రోజు మారేది రాత్రి 2 గంటలకు, కార్డు మెషీన్ మాత్రం 11 గంటలకే దానంతట అదే సెటిల్ అయిపోతుంది. మధ్యలో ఎవరు కార్డు గీకినా మా లెక్కలో ఈరోజు డబ్బు, బ్యాంకు లెక్కలో రేపటిది. హైదరాబాద్ బస్సులు లేటయితే ఇక చెప్పక్కర్లేదు.

నిన్నటిదే చూడండి. సాఫ్ట్‌వేర్‌లో కార్డు 18,400, మెషీన్ బ్యాచ్ 14,900. తేడా 3,500, అది రాత్రి 12:40కి దిగిన 204 గది వాళ్లది, స్లిప్ నా దగ్గరే ఉంది.

సెటిల్మెంట్ టైమ్ మార్చమంటే బ్యాంకు వాళ్లు కుదరదన్నారు. ఆ 3,500 మరుసటి తేదీకి వేసి చూశాను, బిల్లులో బాకీ కనిపించి పొద్దున రిసెప్షన్‌లో గెస్ట్‌ను మళ్లీ డబ్బులడిగారు, ఆయన స్లిప్ తీసి చూపించి గట్టిగా అరిచాడు. ‘తేడాలు’ కింద రాస్తే డబ్బు తగ్గిందనుకుని అకౌంటెంట్ నేను నిద్రపోయాక ఫోన్ చేస్తాడు, ‘రావాల్సిన బాకీలు’ కింద రాస్తే గెస్ట్ ఇవ్వలేదనుకుంటారు. వివరంగా పేరా రాస్తే ఎవరూ చదవరు.

ఇలా గెస్ట్ కట్టేసి, బ్యాంకు బ్యాచ్‌లోకి ఇంకా రాని డబ్బును మీ రిపోర్టులో ఏ హెడ్డింగ్ కింద, ఏ మాటల్లో రాస్తారు?