వేము తియ్యనుండునా, తియ్యగానుండునా: ఒక ‘గా’ తెచ్చిన చిక్కు

కడప కుర్రవాడు: లఘుచిత్రం తీయడం ఇదే మొదలు. ఎడిటింగు లాప్‌టాప్‌లో, కేడెన్‌లైవ్‌తో. పద్నాలుగు నిమిషాల రఫ్ కట్ తొమ్మిదికి తగ్గింది. చివర అవ్వ వేపచెట్టు కింద కూర్చుని ‘తినగ తినగ వేము తియ్యగానుండు’ అంటుంది. నా చెవికి ఆ ‘గా’ ముల్లులా తగులుతోంది. బడిలో ‘తియ్యనుండు’ అని చదివినట్టు గుర్తు. అసలు పాఠం ఏది? పైగా మాట పెదవుల వెనక పడుతోంది, అవ్వ ఏమన్నదో చూసి తేల్చుకోలేకపోతున్నాను.

ప్రొద్దుటూరు మాస్టారు: ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే కదా. తినగ, తినగ, వేము, తియ్య, నుండు. మీ అవ్వ గారి ‘గా’కు అక్కడ చోటెక్కడ?

గుత్తి కోట: ‘తీయనుండు’ అన్నా గణం చెడదు, యతీ చెడదు. మా తాత ‘తియ్యనగును’ అనేవారు, అదీ సరిపోతుంది. వేప మొదట చేదు, తినగా తినగా తియ్యన అవుతుంది. ‘ఉండు’లో ఆ మార్పు ఏదీ? నా ఓటు ‘అగును’కే.

ప్రొద్దుటూరు మాస్టారు: పై పాదం చివర ‘అతిశయిల్లుచునుండు’ ఉంది. కింద ‘ఉండు’ దానికి జవాబు. మీ తాత గారి మీద గౌరవం ఉంది కానీ, ‘అగును’ ఆ జోడీని విడగొడుతుంది.

ఆదోని అక్క: నాకూ ‘తియ్య’తోనే గొడవ అయింది! నా చిత్రం సబ్‌టైటిళ్లలో య-వత్తు విడిపోయి, య పక్కన పొల్లుతో నిలబడింది. ఫాంటు మార్చినా లాభం లేకపోయింది. చివరకు అక్షరాలను వేరే చోట బొమ్మగా చేసి తెచ్చి అతికించాను. ఎగుమతికి ముందు ఒత్తులన్నీ చూసుకో తమ్ముడూ.

కడప కుర్రవాడు: అక్కా, నాది ధ్వని సమస్య. అయినా ఒత్తులు చూస్తాను.

గుత్తి కోట: పెదవులు తప్పడానికి కారణం పాత లాప్‌టాప్. ప్రాక్సీ, అంటే క్లిప్పుకు తేలికైన నకలు, పెట్టుకోండి, సర్దుకుంటుంది.

నంద్యాల సౌండు: ప్రాక్సీతో ప్లేబ్యాక్ తేలికవుతుంది, నిజమే. కానీ ఒక్క సంగతి చూడండి. క్లిప్పు మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను తేడా పెరుగుతోందా? పెరుగుతుంటే తప్పు లాప్‌టాప్‌ది కాదు. ఫోను వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ తీస్తుంది. దాన్ని ముందు స్థిరం చేయాలి:

```
ffmpeg -i avva.mp4 -vf fps=30 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le avva.mov
```

క్లిప్పును లోపలికి తెచ్చేటప్పుడు కేడెన్‌లైవ్ కూడా మార్చమంటావా అని అడిగి ఉంటుంది, మీరు వద్దని ఉంటారు.

కడప కుర్రవాడు: వద్దన్నాను. తేడా పెరుగుతున్న మాటా నిజమే. ఇప్పుడు మార్చాక పెదవులు కలిశాయి. ‘గా’ మాత్రం అలాగే ఉంది.

నంద్యాల సౌండు: అయితే కోయవచ్చు. గ, న రెండూ పెదవుల మీద కనిపించవు, కానీ ‘ఆ’కు దవడ తెరుచుకుంటుంది. ఆ ఒక్క అక్షరం రమారమి ఆరు ఫ్రేములు, అంటే సెకనులో అయిదో వంతు. ధ్వనిని ఆడాసిటీలో పెద్దది చేసి చూస్తే ‘య్య’ తర్వాత తరంగం సన్నబడిన చోట గ మొదలవుతుంది. అక్కడి నుంచి న మొదలయ్యే దాకా తీసేసి, అతుకు దగ్గర పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇవ్వండి. అప్పుడు బొమ్మ ఆరు ఫ్రేములు వెనకబడుతుంది. సరిగ్గా ‘వేము’ దగ్గర వేపకొమ్మ షాట్ పెట్టి, ‘నుండు’ అయ్యాక అవ్వ ముఖానికి తిరిగి రండి. వచ్చే చోట అవ్వ బొమ్మను ఆరు ఫ్రేములు ముందుకు జరపడం మరవవద్దు.

ప్రొద్దుటూరు మాస్టారు: నేనైతే కోయను. ఆమె మాట్లాడుతున్నట్టే చదివింది, నోటికి ‘తియ్యగా’ వచ్చింది. పద్యం జనం నాలుక మీద అలాగే బతికింది. బ్రౌను 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాలు కూడా చేతిరాత ప్రతుల నుంచి ఏరినవే. ఆ ప్రతుల్లో ఎన్ని ‘గా’లు ఉన్నాయో ఎవరు చూశారు?

గుత్తి కోట: ఇప్పటిదాకా చోటు లేదన్నారు, ఇప్పుడు చోటిస్తున్నారు. బ్రౌను ఉన్న చోటే కడపలో ఆయన పేర గ్రంథాలయం ఉంది, కుర్రవాడు వెళ్లి చూసి రావచ్చు. ‘అగును’ కూడా చూడమనండి.

ప్రొద్దుటూరు మాస్టారు: ఛందస్సులో చోటు లేదన్నాను. అవ్వ నోట్లో లేదనలేదు.

ఆదోని అక్క: సబ్‌టైటిల్‌లో ఏది వేస్తావు మరి?

కడప కుర్రవాడు: అదీ తేలలేదు. రాత్రి ఆరు ఫ్రేములు కోశాను. అతుకు తెలియలేదు. కానీ సరిగ్గా ఆ ‘గా’ కిందే కొమ్మ మీది కాకి కూడా అరిచిందట. అవ్వ మాట సాఫీగా ఉంది, కాకి మాత్రం సగంలో ఆగిపోయింది. కాకి అరుపు విడిగా రికార్డు చేసి పైన వేద్దామని పొద్దున్నుంచి చెట్టు కింద ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఇవాళ అది రాలేదు.