సత్యనారాయణ వ్రతకథలో "ప్రసాదం సంత్యజ్య": రాజు చేసిన తప్పు ఏమిటి?

తేటగీతి: సత్యనారాయణ వ్రతకథలో ప్రసాదాన్ని వదిలినవారు ఇద్దరు కనిపిస్తారు. నాలుగవ అధ్యాయంలో కళావతి, భర్త ఓడ రేవుకు చేరిందన్న కబురు వినగానే "ప్రసాదం చ పరిత్యజ్య" పరుగెత్తుతుంది. ఆమె వెళ్ళేసరికి ఓడా లేదు, భర్తా లేడు. అయిదవ అధ్యాయంలో తుంగధ్వజుడనే రాజు వేట నుండి తిరిగివస్తూ మర్రిచెట్టు మొదట్లో గొల్లలు బంధువులతో కూడి చేసుకుంటున్న పూజను చూస్తాడు. వారు ప్రసాదం తెచ్చి ఆయన ఎదుట పెట్టి వెళ్తారు; ఆయన ముట్టడు. "తతః ప్రసాదం సంత్యజ్య రాజా దుఃఖమవాప సః" అంటుంది శ్లోకం. నూరుగురు కొడుకులు, ధనధాన్యాలు అన్నీ పోతాయి. మా ఇంట్లోని పాత తెలుగు వ్రతకల్పంలో రెండుచోట్లా "ప్రసాదమును తిరస్కరించి" అనే ఉంది. కళావతి నిజంగా తిరస్కరించిందా? అసలు పిడికెడు గోధుమ నూక తినకపోవడం అంతటి నేరం ఎందుకయిందో పెద్దలెవరైనా వివరిస్తే సంతోషిస్తాను.

గౌతమీతీరం: ఇందులో పెద్ద చిక్కేమీ లేదండీ. శ్లోకంలోనే "రాజా దృష్ట్వా తు దర్పేణ" అని ఉంది కదా. గొల్లలు పెట్టినది రాజు తినడమేమిటన్న అహంకారమే ఆయన తప్పు; శిక్ష ఆ అహంకారానికే గాని ప్రసాదానికి సంబంధించినది కాదు. అన్నవరం కొండ మీద చూడండి, ఒకే మండపంలో ఎక్కడెక్కడి వారో వరుసగా కూర్చుని వ్రతం చేసుకుంటారు. పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ అడగరు. కొలతకు కూడా అదే అర్థం. "సపాదం" అంటే ఒకటింపావు. ఆ ఒకటి మనకు, పైన ఉన్న పావు ఊరందరికీ పంచడానికి అని మా తాతగారు చెప్పేవారు.

పాత పంచాంగం: గౌతమీతీరం గారు దర్పాన్ని పట్టుకోవడం సరైనదే, కాని అది సగం జవాబే అవుతుంది. కళావతిలో దర్పం లేదు. అంతకాలం ఎదురుచూసిన భర్తను చూడాలన్న ఆత్రం తప్ప మరేమీ లేదు. అయినా ఆమెకూ శిక్ష పడింది. క్రియలు గమనించండి: ఆమె విషయంలో పరిత్యజ్య, ఆయన విషయంలో సంత్యజ్య. ధాతువు ఒక్కటే, ఉపసర్గలు మాత్రమే వేరు. విడిచిపెట్టడం అన్న పనిని కథ ఇద్దరికీ సమానంగా చెప్పి, దర్పాన్ని ఒక్క రాజుకే చెప్పింది. కాబట్టి "తిరస్కరించి" అన్న తెలుగు రాజుకు నప్పుతుంది గాని కళావతికి నప్పదు.

పావు వంతు సంగతి. శ్లోకం "సపాదం సర్వభక్ష్యాణి చైకీకృత్య నివేదయేత్" అంటుంది. అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమ పిండి, అది దొరకకపోతే వరిపిండి, చక్కెర లేకపోతే బెల్లం, ఇవన్నీ ఒకటింపావు కొలతన తీసుకుని, ఒక్కటిగా కలిపి నివేదించాలని దాని భావం. శేరుంబావు, ఇప్పటి లెక్కలో కిలోంపావు, మనం వాడుకలో అనేదీ ఆ కొలతనే. పావు పంచడానికి, ఒకటి ఇంటికి అన్న విభజన శ్లోకంలో లేదు. పైగా కలిపేయమన్న తరువాత ఏది ఒకటో ఏది పావో ఎవరు వేరుచేస్తారు?

ఇక అసలు ప్రశ్న. వండిన పదార్థం ఏ క్షణాన ప్రసాదమవుతుందో తెలిస్తే, దానిని వదలడం అంటే ఏమిటో కూడా తెలుస్తుంది. దీనికి సమాధానం పూజా మంత్రాలలోనే ఉంది. పళ్ళెం దేవుని ముందు ఉంచి, చుట్టూ నీళ్ళు తిప్పుతూ పగలైతే "సత్యం త్వర్తేన పరిషించామి" అంటాం. తరువాత "అమృతమస్తు, అమృతోపస్తరణమసి" అని నీరు వదిలి, "ప్రాణాయ స్వాహా" మొదలుకొని "సమానాయ స్వాహా" వరకు అయిదు ఆహుతులు చూపిస్తాం. "మధ్యే మధ్యే పానీయం సమర్పయామి" అని మంచినీళ్ళు ఇస్తాం. ఆపైన "అమృతాపిధానమసి" అని ఉత్తరాపోశనం, చేతులు కడగడం, తాంబూలం. ఇందులో ప్రత్యేకంగా దేవుని కోసం కట్టిన మంత్రం దాదాపు ఏదీ లేదు. సంప్రదాయం పాటించే గృహస్థు తన విస్తరి ముందు కూర్చుని పరిషేచనం చేసేటప్పుడు చెప్పుకునే మంత్రాలే ఇవి. అంటే మనం దేవునికి పదార్థాన్ని చూపించి తీసివేయడం లేదు. ఇంటికి వచ్చిన అతిథికి విస్తరి వేసి, నడుమ నీళ్ళందించి, చెయ్యి కడిగించేదాకా పూర్తి భోజనం చేయిస్తున్నాం. ఉత్తరాపోశనం దాకా అది నైవేద్యం. ఆ తరువాత పళ్ళెంలో ఉన్నది, పెద్దవారు భోంచేయగా మిగిలిన శేషం. వంట చేసినవారు నివేదనకు ముందు ఉప్పు చూడకపోవడానికి కారణం కూడా ఇదే: అతిథి కంటే ముందు మనం తింటే క్రమం తలకిందులవుతుంది.

ఓరుగల్లు బిడ్డ: పాత పంచాంగం గారూ, శేషం అన్నారు కనుక అడుగుతున్నాను. ఒకరు తినగా మిగిలిన దాన్ని మన భాషలో ఎంగిలి అంటాం, దాన్ని ముట్టుకుంటే చెయ్యి కడుక్కుంటాం. దేవుడు తినగా మిగిలినదాన్ని మాత్రం కళ్ళకద్దుకుని తింటాం. ఒకే వస్తువుకు ఈ రెండు మర్యాదలు ఎలా కుదురుతాయి? మా వైపు బోనాల నాడు అమ్మవారికి ఎక్కించిన బోనంలో మిగిలిన అన్నాన్ని ఇంటికి తెచ్చి కుటుంబమంతా కలిసి తింటాం. దాన్ని ఎంగిలి అన్నవాళ్ళను నేనెన్నడూ చూడలేదు.

పాత పంచాంగం: మంచి ప్రశ్న. భాగవతం ఏకాదశ స్కంధంలో ఉద్ధవుడు ఈ ఇబ్బందిని దాచిపెట్టకుండా నేరుగా చెప్పుకున్నాడు. నీవు ధరించి విడిచిన పూలూ గంధమూ వస్త్రాలూ మేము ధరిస్తాం, "ఉచ్ఛిష్టభోజినో దాసాః", నీ ఎంగిలి తినే దాసులం, దానితోనే నీ మాయను జయిస్తాం అంటాడు. ఎంగిలి అన్న మాటను ఆయన మార్చలేదు, మెత్తబరచనూ లేదు. ఎవరి ఎంగిలి అన్నదొక్కటే లెక్కలోకి వస్తుంది. తల్లి తిని పెట్టిన ముద్ద బిడ్డకు ఎంగిలి కానట్టే, తనకంటే పెద్దదిక్కని ఒప్పుకున్నవారి శేషం తినడం ఆ ఒప్పుకోలుకు గుర్తు. అందుకే తుంగధ్వజుని విషయంలో అది అంత పదునుగా తగిలింది: ఆ ప్రసాదం తింటే తాను ఆ మర్రిచెట్టు కింది దేవునికి దాసుడినని, ఆ గొల్లలకు తోటి దాసుడినని ఒప్పుకోవలసి వస్తుంది.

ఇక్కడ ఒక మినహాయింపు కూడా చెప్పాలి. శివలింగానికి అర్పించినది చండేశ్వరుని భాగమని, దానిని తినరాదని పాటించే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మరోవైపు వీరశైవులకు ప్రసాదం అష్టావరణాలలో ఒకటి. వారి షట్స్థలాలలో మూడవది ప్రసాదిస్థలం. కాబట్టి దేవుని శేషమంతా అందరికీ ప్రసాదమే అన్న సాధారణ సూత్రం మాత్రం చేయలేము.

డాలస్ తెలుగు: నమస్కారమండీ. మా మామగారికి మధుమేహం ఉంది. పోయిన నెల ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు ఆయన ప్రసాదం వద్దన్నారు. అప్పటినుండి మా అత్తగారు కళావతి కథ ఎత్తి బాధపడుతూనే ఉన్నారు. ఇక్కడ గోధుమ నూకకు బదులు ఓట్స్‌తో చేస్తే సరిపోతుందా? చక్కెర మానేసి ఖర్జూరం వేయవచ్చా? నెయ్యి ఎంత తగ్గించవచ్చు?

తేటగీతి: డాలస్ తెలుగు గారూ, ఇది వంటల చర్చ కాకపోయినా మీ ఇంటి సంగతి నా ప్రశ్నకు దగ్గరగానే ఉంది. అభావే, అంటే దొరకనప్పుడు, వరిపిండి, బెల్లం వాడుకోమని శ్లోకమే వెసులుబాటు ఇచ్చింది కదా.

పాత పంచాంగం: ఆ వెసులుబాటు దొరకని వస్తువుకు చెప్పినది, ఒంటికి పడని వస్తువుకు కాదు, ఓట్స్ దాకా సాగదీయడానికి నాకు ధైర్యం చాలదు. పైగా బెల్లమూ ఖర్జూరమూ మధుమేహానికి మందులు కావు. కాని మీ మామగారి విషయంలో అంత దూరం వెళ్ళనక్కరలేదు. కథ ఎక్కడా ఇంత తినాలని పరిమాణం చెప్పలేదు. ఒక్క పలుకు నోట వేసుకుని మిగిలినది పక్కవారి చేతిలో పెడితే అది స్వీకరించడమే అవుతుంది. అదీ కుదరదంటే కళ్ళకద్దుకుని మనుమల చేతికివ్వడం మన ఇళ్ళలో ఉన్న పద్ధతే.

పంచడం గురించి కథలో ఉన్న ఒక చిన్న మాటను ఎవరూ ఎత్తుకోలేదు. వ్రతవిధానంలో "కథాం శ్రుత్వా జనైః సహ" అని ఉంది. ఆ వెంటనే "బంధుభిః సార్ధం" అని ఉంది. రాజు తప్పు తెలుసుకుని తిరిగివెళ్ళినప్పుడు తన కోటలో వేరే వ్రతం చేసుకోలేదు. "పూజాం గోపగణైః సహ", ఆ గొల్లలతో కలిసే చేశాడు. ఆయన కొడుకులు, సంపద తిరిగి వచ్చినది ఎలాగో చెబుతూ కథ వాడిన మాట "సత్యదేవప్రసాదేన". కొద్ది శ్లోకాల దూరంలో ఒకే మాట రెండు అర్థాలతో వచ్చింది: వదిలిన ప్రసాదం తినే వస్తువు, పొందిన ప్రసాదం దేవుని అనుగ్రహం. గీత రెండవ అధ్యాయంలో "ప్రసాదే సర్వదుఃఖానాం హానిః" అన్నచోట ఆ మాటకు తిండితో సంబంధమే లేదు, అక్కడ అది మనసు తేటపడడం. తేటపడిన మనసుతో దేవుడు ఇచ్చినది కనుక ఆ పదార్థానికి ఆ పేరు వచ్చింది. ఈ కథ రాసినవారు రెండర్థాలనూ ఎరిగే పక్కపక్కన పెట్టారని నా అభిప్రాయం.

గౌతమీతీరం: ఒప్పుకుంటాను, "గోపగణైః సహ" నేను గమనించలేదు. అది నా మాటకే బలమిస్తుంది కూడా. దర్పం పోయింది కనుకనే కలిసి కూర్చున్నాడు. కాని పావు వంతు పంచడానికేనన్న మా తాతగారి మాటను శ్లోకంలో లేదన్నంత మాత్రాన నేను వదులుకోను. ఆచారం అంతా శ్లోకంలోనే ఉండాలన్న నియమం ఎక్కడిది?

ఓరుగల్లు బిడ్డ: మరి కళావతి సంగతి ఎటూ తేలలేదు. ఆమె ఎవరినీ తక్కువ చేయలేదు, ఎవరి చేతినుండి తీసుకోవడానికీ వెనుకాడలేదు. ఆత్రానికి అంత శిక్షా? ఇంటికి తిరిగివచ్చి ప్రసాదం తిని వెళ్ళగానే భర్త కనిపించాడంటే, కథ ఆమెను శిక్షించినట్టా, పిలిచి కూర్చోబెట్టినట్టా?

పాత పంచాంగం: శిక్షే అనుకుంటాను. అతిథి భోజనం ముగించి లేచాక, ఆయన ఇచ్చినది అందుకోకుండా గడప దాటడం వంటిది అది. అయితే మీ రెండవ మాటను కొట్టివేయడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు.

తేటగీతి: మా ప్రతిని పిల్లల కోసం తిరిగి టైపు చేస్తున్నాను. కళావతి దగ్గర "ప్రసాదము తీసికొనకయే" అని, రాజు దగ్గర "ప్రసాదమును తిరస్కరించి" అని వేస్తున్నాను. గౌతమీతీరం గారి తాతగారి పావు వంతును మాత్రం కొలత దగ్గర చేర్చలేదు, అభ్యంతరముంటే చెప్పండి.

గౌతమీతీరం: అభ్యంతరం ఉందండీ. కనీసం "కొందరి ఆచారం" అనైనా వేయండి.