161.8 గీత ఒకటే, ధరలు రెండు: ఎక్స్‌టెన్షన్‌ను ఎక్కడి నుంచి కొలవాలి?

కందనవోలు (కర్నూలు)

రోజువారీ చార్టులో ఒక సిమెంటు షేరు 240 నుంచి 300కు పెరిగి, 270కి తగ్గి, మళ్ళీ లేస్తుంటే 276 దగ్గర కొన్నాను. ఎక్కడ అమ్మాలో తెలుసుకుందామని ఫిబొనాచి 161.8 శాతం గీత గీస్తే నాకు 337 వచ్చింది, మా బావమరిదికి 367 వచ్చింది. అంతకుముందు నేను గీసిన మొదటి గీతలో అదే 161.8 ఏకంగా 203 దగ్గర పడింది. వీటిలో ఏది నమ్మాలి?

బురుజు నీడ (కర్నూలు)

337 సరైనది. రిట్రేస్‌మెంటు వేరు, ఎక్స్‌టెన్షన్ వేరు అని చెప్పేవారు లేని చిక్కు తెచ్చిపెడుతున్నారు. ఒకే ఊపును కొలిచినప్పుడు 100 లోపల పడేవి రిట్రేస్‌మెంటు గీతలు, 100 దాటినవి ఎక్స్‌టెన్షన్ గీతలు, అంతే. 240 నుంచి 300కు 60 రూపాయలు, దానికి 1.618 రెట్లు 97, దాన్ని 240కి కలిపితే 337. మీరు కింది నుంచి పైకి గీశారు కాబట్టి 203 వచ్చింది. పై నుంచి కిందికి గీయండి, గీత తానే పైకి వస్తుంది. మూడో బిందువుతో పని లేదు.

పెన్నా ఒడ్డు (కడప)

బురుజు నీడ గారి లెక్క తప్పు కాదు, కానీ ఆయన చెప్పిన చిట్కాలో ఒక ప్రమాదం ఉంది. `Fib Retracement`ను పై నుంచి కిందికి గీస్తే 1.618 పైకి వస్తుంది గానీ లోపలి గీతల పేర్లు తిరగబడతాయి. 0.382 అని రాసి ఉన్న గీత 263 దగ్గర పడుతుంది, అది నిజానికి 61.8 శాతం తగ్గుదల. ఆ అంకె చూసి, ధర కొద్దిగానే తగ్గిందనుకొని కొనేవారు ఉంటారు.

ఇక ఆ రెండింటికీ తేడా సంగతి. రిట్రేస్‌మెంటుతో మనం తెలుసుకునేది, పెరిగిన 60 రూపాయల్లో షేరు ఎంత పోగొట్టుకుందనేది. దానికి రెండు కొసలు చాలు, జవాబు ఆ రెండు కొసల మధ్యే ఉంటుంది. తగ్గుదల ముగిసిన చోటి నుంచి బయలుదేరిన కొత్త ఊపు ఎంత దూరం పోగలదో తెలియాలంటే మాత్రం ఆ ముగిసిన చోటు కూడా లెక్కలోకి రావాలి. మీ బావమరిది వాడినది `Trend-Based Fib Extension` అయి ఉంటుంది. 240ని A, 300ని B, 270ని C అనుకుంటే అది చేసే పని ఇది:

```
C + (B - A) × 0.618 = 307.08
C + (B - A) × 1.000 = 330.00
C + (B - A) × 1.618 = 367.08
```

మీ ఇద్దరి అంకెల మధ్య తేడా సరిగ్గా 30. ఆ 30 ఎక్కడిదో కాదు, 240కీ 270కీ మధ్య ఉన్నదే. మీరు A దగ్గర నిలబడి కొలిచారు, ఆయన C దగ్గర నిలబడి కొలిచారు. షేరు 290 దాకా మాత్రమే తగ్గి ఉంటే మొదటి ఊపుకు సమానమైన రెండో ఊపు 350 చూపేది, 250 దాకా జారి ఉంటే 310 చూపేది. మీ 337 మాత్రం రెండు సందర్భాల్లోనూ 337గానే ఉండేది. తగ్గుదల స్వల్పమైనా, లోతైనా ఒకే లక్ష్యం చెప్పే కొలతను తగ్గుదల తర్వాతి లాభానికి ఎందుకు వాడాలన్నది నా ప్రశ్న.

తుంగభద్ర కాలువ (ఆదోని)

రెండింటికీ నడుమ 352 దగ్గర అమ్మితే గొడవే ఉండదు కదా.

ప్రొద్దుటూరు కాటా (ప్రొద్దుటూరు)

ఈ గీతలను నమ్మే నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. బంగారం మినీ కాంట్రాక్టులో 61.8 దగ్గర ధర ఆగుతుందని అందరూ అంటే సరిగ్గా అక్కడే కొన్నాను. అది ఆగకుండా 78.6 దాకా దిగింది, నా స్టాప్‌లాస్ తెగింది, ఆ మరునాడే ధర నేను అనుకున్న వైపు పరుగెత్తింది. పది గ్రాముల ధరలో ఒక్క రూపాయి కదిలితే మినీలో పది రూపాయలు కదులుతాయి, ఆ దెబ్బ ఎంతదో లెక్క మీరే వేసుకోండి. కనుక ఎక్స్‌టెన్షన్ దగ్గర ఎవరూ కొనవద్దు.

పెన్నా ఒడ్డు (కడప)

కాటా గారూ, కందనవోలు గారు అడిగింది అమ్మే చోటు గురించి, మీకు దెబ్బ తగిలింది కొనే చోటు దగ్గర. అయినా మీ అనుభవం మరో విధంగా పనికి వస్తుంది. రిట్రేస్‌మెంటు గీత పడే చోట ధర ఇటీవలే తిరిగింది. అక్కడ కొన్నవారూ, కొనలేక పోయినవారూ ఇంకా ఉన్నారు, అందువల్ల ఆ గీతకు కొంత ఆధారం ఉంటుంది, అయినా మీ విషయంలో అది తెగింది. ఎక్స్‌టెన్షన్ గీత పడేది B పైన. ఆ షేరు గతంలో ఎన్నడూ ఆ ధర చూడకపోతే అక్కడ ఆగడానికి మనం వేసిన కూడిక తప్ప మరే కారణమూ లేదు. అందుకే 307, 330ల కంటే ముందు చూడవలసింది 300నే. మొదటిసారి అక్కడ కొని ఇరుక్కున్నవారు అసలు వస్తే చాలని కాచుకొని ఉంటారు. 300 పైన ఒక రోజు ముగింపు రానంత వరకు పై అంకెలన్నీ కాగితం మీదివే.

వేరుశనగ కాయ (అనంతపురం)

ఒక చిన్న సంగతి. ఆ సాధనం సెట్టింగుల్లో `Fib levels based on log scale` అనే గడి ఉంటుంది. చార్టు లాగ్ స్కేలులో ఉండి, అది టిక్ చేసి ఉంటే రూపాయలకు బదులు నిష్పత్తిని కొలుస్తుంది. 240 నుంచి 300 అంటే ఒకటింపావు రెట్లు, 270కి ఒకటింపావు రెట్లు 337.50. అంటే సమాన ఊపు లక్ష్యం 330 కాకుండా 337.50 అవుతుంది. ముందుగా అందరూ తమ గడి చూసుకుంటే మేలు.

బురుజు నీడ (కర్నూలు)

చూశారా, మూడు బిందువులతో కొలిచినా చివరికి 337కే వచ్చారు. ఇక చర్చ ముగిసినట్టే.

పెన్నా ఒడ్డు (కడప)

ఆ రెండు 337లూ కలవడం యాదృచ్ఛికం. C కాస్త కదిలితే వేరుశనగ కాయ గారి అంకె కదులుతుంది, మీది కదలదు.

కందనవోలు (కర్నూలు)

C కదిలింది. ఈ రోజు షేరు 264 దాకా జారి 272 దగ్గర ముగిసింది. నేను స్టాప్‌లాస్ పెట్టలేదు. ఇప్పుడు ఏ అంకె పట్టుకోవాలి?

బురుజు నీడ (కర్నూలు)

నా అంకె పట్టుకోండి, ఎందుకంటే అది నిన్నటిలాగే 337. పెన్నా ఒడ్డు గారి 330 రాత్రికి రాత్రి 324 అయింది, రేపు 260కి వస్తే 320 అవుతుంది. రోజూ మారేదాన్ని లక్ష్యం అనరు. గత ఏడాది నాలుగు షేర్లలో నా రెండు బిందువుల గీతను ధర తాకింది, చిత్రాలు కావాలంటే పెడతాను.

పెన్నా ఒడ్డు (కడప)

చిత్రాలు అక్కరలేదు. ఆ నాలుగింటిలో A, B లను మీరు గుర్తించిన తేదీ చెప్పండి చాలు. ధర గీతను తాకిన తర్వాత వెనక్కి వెళ్ళి, సరిపోయే అడుగును ఎంచుకుంటే ఏ గీతనైనా ఏ ధరకైనా తాకించవచ్చు. నా మూడు బిందువుల పద్ధతికీ ఇదే తెగులు ఉంది, నేను దాన్ని దాచడం లేదు. 270 ముగింపు అని కందనవోలు గారు కొన్న రోజున ఎవరికీ తెలియదు, లేచింది కాబట్టి అలా అనుకున్నాం. అనుకున్నది తప్పని 264 చెప్పింది. తప్పని చెప్పగలగడమే ఆ కొలత వల్ల ప్రయోజనం. 268 దగ్గర స్టాప్‌లాస్ ఉండి ఉంటే షేరుకు 8 రూపాయల నష్టంతో బయటపడి, ఇప్పుడు 264ను C గా తీసుకొని మళ్ళీ ఆలోచించేవారు. 337 మాత్రం షేరు 241కి పడినా 337 అనే చెబుతుంది.

బురుజు నీడ (కర్నూలు)

ఇంతదాకా వచ్చింది కాబట్టి నేనూ దాచను. రెండేళ్ళ క్రితం ఇక్కడే మీరు ఇదే మూడు బిందువుల సమాన ఊపు గురించి రాస్తే, నమ్మి ఒక షేరు మొత్తం ఆ గీత దగ్గర అమ్మేశాను. అది అక్కడ ఒక్క రోజు కూడా ఆగలేదు, మూడు వారాల్లో 161.8 దాటిపోయింది. అమ్మాయి కళాశాల ఫీజుకని ఉంచుకున్న షేరు అది. మీకు అది ఒక పోస్టు, నాకు రెండు సెమిస్టర్లు.

పెన్నా ఒడ్డు (కడప)

అందుకు బాధగానే ఉంది. కానీ ఆ రోజు సగం అమ్మి, మిగిలినదానికి స్టాప్‌లాస్‌ను కొన్న ధరకు జరపమని రాశాను. మీరు మొత్తం అమ్మారు.

బురుజు నీడ (కర్నూలు)

సగం అమ్మితే మీ గీత తప్పినా మీదే ఒప్పు, ఒప్పినా మీదే ఒప్పు. లక్ష్యం అంటే అక్కడ అమ్మడమే. అమ్మని చోటును లక్ష్యమని పిలవడం నాకు నచ్చదు.

పెన్నా ఒడ్డు (కడప)

అయితే మన గొడవ రెండు బిందువులా, మూడు బిందువులా అన్నది కానే కాదు. మీకు ఆ అంకె ఒక ఆజ్ఞ. నాకు అది కొనే ముందు వేసుకునే లెక్క, పెట్టే నష్టానికి వచ్చే లాభం సరిపోతుందా లేదా అని చూసుకోవడానికి. కందనవోలు గారికి ఇప్పుడు 276 కొనుగోలు, 263 స్టాప్‌లాస్ అనుకుంటే పణం 13 రూపాయలు. C 264 అయితే 0.618 గీత 301 దగ్గర పడుతుంది, అక్కడికి 25 రూపాయలు, అంటే రెండింతలకు కాస్త తక్కువ. సమాన ఊపు 324, అక్కడికి 48. నేనైతే ఈ లెక్కలో 361ని చేర్చను, 300 దాటనిదే దాని గురించి ఆలోచించడం దండగ.

తుంగభద్ర కాలువ (ఆదోని)

మరి నా 352?

ప్రొద్దుటూరు కాటా (ప్రొద్దుటూరు)

300 దగ్గర ఇరుక్కున్నవారు కాచుకొని ఉంటారన్న మాట నాకు నచ్చింది. మా కొట్టులోనూ అంతే, ధర ఎక్కువున్న రోజున కొన్నవారే మళ్ళీ ఆ ధర రాగానే మొదట వచ్చి అడుగుతారు. అమ్మేదుంటే 301 కంటే ముందే, 299 చిల్లర దగ్గర పెట్టుకోవడం మేలు.

కందనవోలు (కర్నూలు)

ఈ రోజు షేరు 298 దాకా వెళ్ళి 294 దగ్గర ముగిసింది. సగానికి 299.50 దగ్గర అమ్మకం ఆర్డరు పెట్టాను, మొత్తానికి 263 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను.

బురుజు నీడ (కర్నూలు)

మిగతా సగం 337కా, 324కా?

కందనవోలు (కర్నూలు)

ఇంకా పెట్టలేదండీ.