అప్‌డేట్: నాన్నగారి పుస్తకాల బీరువా

నేను అడిగింది: "నాన్నగారు పోయాక ఆయన పుస్తకాల్లో ఏవి ఉంచుకోవాలో అక్కకూ నాకూ కుదరడం లేదు. ఎలా తేల్చుకోవాలి?"

ఆదివారం విజయవాడ ఇంట్లో ఇద్దరం కూర్చుని ఆ పని పూర్తిచేశాం. ఒక్కొక్క పుస్తకాన్నీ తెల్లకాగితం మీద తట్టి చూసి, రంధ్రాల నుంచి మెత్తటి పొడి రాలిన ఏడింటిని, పురుగు ఇంకా లోపలే ఉండవచ్చన్న అనుమానంతో, ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరకుండా కట్టి రెండు వారాల కోసం డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. చవక కాగితపు నవలల పేజీల మూలలు మెల్లగా మడిస్తేనే విరిగిపోయాయి. కుట్టు బైండింగుతో వచ్చిన పాత మాస్కో ప్రచురణలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

గట్టిగా ఉన్నవే ఉంచుదామన్నది అక్క మాట. అందుకే వెన్ను ఊడిపోయిన నిఘంటువును అమ్మేవాటిలో వేసింది. నేను దాన్ని తెరిచి చూపించాను. ఒక పదం పక్కన అంచులో, పెన్సిలుతో, "అమ్మాయి అడిగింది, 4-7-1986" అని నాన్నగారి చేతిరాత ఉంది. అక్క చాలాసేపు మాట్లాడలేదు, పుస్తకాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఆ తర్వాత చేతిరాత ఉన్నవన్నీ ఉంచుకున్నాం, లేనివాటిని లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణానికి ఇచ్చాం. నిఘంటువు అక్కదే. బైండింగు చేసేవారు అలవాటుగా అంచులు కోసేస్తారు, అలా కోస్తే ఆ రాతలు పోతాయి కనుక, కోయకుండా కుట్టు మాత్రమే వేయమని చీటీ రాసి పుస్తకంలో పెట్టి పంపాను.