కప్పు మీది ఆవిరి లూప్ అయ్యేచోట పలచబడుతోంది, ఎలా సరిచేయాలి?

చిత్రంలో ఒక్క భాగమే కదిలే సినిమాగ్రాఫ్ ఒకటి వీడియో నుంచి చేస్తున్నాను: కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుతున్న మనిషి, ముందు బల్లపై వేడి కప్పు. మనిషి, పుస్తకం, గది అన్నీ కదలకుండా ఉండి, ఆవిరి ఒక్కటే ఎడతెగకుండా పైకి లేవాలన్నది నా కోరిక.

ట్రైపాడ్ మీద, ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేసి, సెకనుకు 25 ఫ్రేములతో తీశాను. అందులో 8 సెకన్లు తీసుకున్నాను. నాలుగో సెకను దగ్గరి ఫ్రేమును నిశ్చల చిత్రంగా పై లేయరులో పెట్టి, ఆవిరి ఉన్న మేర మాస్కుతో తెరిచాను. ఆవిరి వెనక్కి దిగితే ఎవరైనా పసిగడతారు కాబట్టి ముందుకు నడిపి వెనక్కి నడిపే పద్ధతి వద్దనుకున్నాను. మొదటి సెకనును కత్తిరించి, చివరి సెకను మీద క్రమంగా తేలేలా వేశాను. అలా 7 సెకన్ల లూప్ వచ్చింది.

అతుకు దగ్గర కుదుపు లేదు. కానీ ఆ సెకనులో రెండు ఆవిరి పాయలు సగం సగంగా కలిసి, మొత్తం పలచబడి మళ్లీ చిక్కబడుతోంది. ప్రతి 7 సెకన్లకూ అది ఊపిరి తీసినట్టు కనిపిస్తోంది. కలయికను 2 సెకన్లకు పెంచితే మార్పు నెమ్మదించింది, పోలేదు. వెనక గోడ ముదురు రంగుది, కనుక మామూలు కలయికకు బదులు లైటెన్ బ్లెండ్ వాడితే ఆవిరి చిక్కదనం నిలుస్తుందా? లేక ఆవిరి ఆకారం దాదాపు ఒకేలా ఉన్న రెండు ఫ్రేములను వెతికి, అక్కడ కొద్ది ఫ్రేములతోనే అతకడం మేలా?

ఇంకొకటి: చిత్రీకరణలో మబ్బు కదిలినట్టుంది, చివర్లో మాస్కు అంచు గోడపై లేత మరకలా తెలుస్తోంది. అంచును మృదువుగా చేసినా పూర్తిగా దాగలేదు. మాస్కు వేయడానికి ముందే వెలుతురు హెచ్చుతగ్గులను సమం చేయాలా? చేసి చూసినవారు వివరంగా చెప్పగలరు.